ఆరు నెలలకు అంశం మారింది, ప్రశ్న మారలేదు

పీహెచ్‌డీలో చేరి ఆరు నెలలైన ఒక పరిశోధకురాలు ఒకరోజు మధ్యాహ్నం నా గదికి వచ్చి, మడిచిన కాగితం బల్ల మీద పెట్టి నిలబడింది. అందులో నాలుగే వాక్యాలు. తన టాపిక్‌లో ముందుకు వెళ్లలేకపోతున్నానని, దాని మీద ఆసక్తి తగ్గిందని, వేరే టాపిక్ ఇప్పించమని, ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించమని. చదివి, "కూర్చో అమ్మా" అన్నాను. ఏడుపు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది.

ఆమె చరిత్ర విభాగం స్కాలర్. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన రోజుల్లో ఆడకూలీలకు ఎంత కూలి ఇచ్చారు, మగవాళ్ల కూలికి దానికి తేడా ఎంత, ఆ తేడాను ఎవరు నిర్ణయించారు అన్నది ఆమె ఎంచుకున్న విషయం. ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. కాటన్ దొర పేరు గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ ఇంటింటి పేరు. రాళ్లు మోసినవాళ్ల లెక్క మాత్రం ఎవరూ రాయలేదు. ఆ లోటు పూడ్చాలని చేరిన పిల్ల ఆరు నెలలకే ఆసక్తి పోయిందని రాస్తే నాకు నమ్మబుద్ధి కాలేదు. మద్రాసు వెళ్లి వచ్చావు కదా, అక్కడ ఏం చూశావో చెప్పమన్నాను. గంటన్నర చెప్పింది. ఆ గంటన్నరలో చెప్పినదే అసలు ఉత్తరం. కాగితం మీద మాత్రం అందులో ఒక్క ముక్కా లేదు.

మళ్లీ రాసుకు రమ్మన్నాను. వారం తర్వాత తెచ్చిన ఉత్తరాన్ని ఆమె అనుమతితో, కొంత కుదించి ఇక్కడ ఇస్తున్నాను.

"గౌరవనీయులైన సర్‌ గారికి, నమస్కారం.

నా పరిశోధన అంశాన్ని ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం నుంచి 1876–78 కరువు పనులకు మార్చుకోవడానికి మీ అంగీకారం కోరుతున్నాను. వచ్చే సలహా సంఘం సమావేశంలో అంశం ఖరారు కావాల్సి ఉంది కాబట్టి ఈలోపే మీకు తెలియజేస్తున్నాను.

చెన్నై ఎగ్మూర్‌లోని ఆర్కైవ్స్‌లో మూడు వారాలు పనిచేశాను. ఆనకట్ట కట్టిన నాటికి పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంట్ ఇంకా ఏర్పడలేదు, నీటిపనులు రెవెన్యూ బోర్డు అజమాయిషీలో ఉండేవి. అందుకని ఆ ఐదేళ్ల బోర్డు ప్రొసీడింగ్స్ సూచికలన్నీ తిరగేసి, పనికొస్తాయనిపించిన కట్టలు తెప్పించుకున్నాను. రాయి, సున్నం, ఖర్చు, గోడ పొడవు గురించి విస్తారంగా ఉంది. కూలీల సంఖ్య మొత్తంగా అక్కడక్కడా ఉంది. ఆడవాళ్ల కూలిని విడిగా చూపే పట్టీ గానీ హాజరు పట్టీ గానీ నేను చూసిన కట్టల్లో దొరకలేదు. నేను అనుకున్న ఐదు అధ్యాయాల్లో మొదటి రెండింటికే ఆధారాలున్నాయి. మిగతా మూడూ ఊహ మీద రాయాల్సి వస్తుంది.

నా ప్రశ్న మారలేదు. ప్రభుత్వం చేయించిన పనుల్లో ఆడమనిషి శ్రమకు ధర ఎవరు కట్టారు, ఏ లెక్కన కట్టారు అన్నదే నా ప్రశ్న. దానికి జవాబు ఆనకట్ట కాగితాల కంటే కరువు కాగితాల్లో దొరుకుతుందని నాకు అనిపిస్తోంది. ఆ కరువులో మగవాళ్లకు, ఆడవాళ్లకు, పనిచేసే పిల్లలకు వేరువేరు రేట్లు అధికారికంగా ప్రకటించారు. ఆ రేట్ల మీద అధికారుల మధ్యే పెద్ద వివాదం నడిచింది. మద్రాసు ప్రభుత్వం 1881లో వేసిన కరువు సమీక్ష, 1880 నాటి కరువు కమిషన్ నివేదిక, విలియం డిగ్బీ 1878లో అచ్చువేసిన రెండు సంపుటాలు ముందుగా చదివాను. కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలకు పరిమితమవుతాను.

ఇప్పటిదాకా చేసిన పనిలో కోర్స్‌వర్క్, కూలి చరిత్ర మీద చదివిన గ్రంథాలు, బోర్డు ప్రొసీడింగ్స్ వాడే పద్ధతి అలాగే ఉపయోగపడతాయి. ఆనకట్ట గురించి సేకరించినది మొదటి అధ్యాయంలో నేపథ్యంగా వస్తుంది. పోయేది సుమారు రెండు నెలల పని. కొత్త ప్రణాళిక, అధ్యాయాల పట్టిక జతచేశాను.

కొత్త అంశానికీ ఒక పరిమితి ఉంది. ఈ కాగితాలు ప్రకటించిన రేటును చెబుతాయి. చేతికి అందిన కూలి ఎంతో అన్నిచోట్లా చెప్పవు. ఇందులో మీ సలహా కావాలి. మీరు వద్దంటే ఆనకట్ట అంశాన్నే ఏ రూపంలో కొనసాగించవచ్చో మాట్లాడుకుందాం."

మొదటి ఉత్తరం చూసి నేను ఒప్పుకున్నా దానితో ఏమీ చేయలేను. ఆ సంగతి ఆమెకు తెలియదు, చాలామంది స్కాలర్లకు తెలియదు. యూజీసీ 2022లో తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం ప్రతి స్కాలర్‌కీ ఒక పరిశోధన సలహా సంఘం ఉంటుంది. దాన్ని ఆర్‌ఏసీ అంటాం. ప్రతిపాదనను పరిశీలించి అంశాన్ని ఖరారు చేసే బాధ్యత ఆ సంఘానిది. గైడ్ దానికి కన్వీనర్. అంటే స్కాలర్ ఉత్తరం నాకు రాసినా, దాన్ని ఇంకొకరి ముందు పెట్టి సమర్థించాల్సింది నేను. "ఆసక్తి తగ్గిందట" అని సంఘం ముందు చెప్పి ఎవరినీ ఒప్పించలేం. "మూడు వారాలు వెతికింది, ఐదింటిలో మూడు అధ్యాయాలకు ఆధారం లేదు, ఇదిగో పట్టిక" అంటే ఒప్పించవచ్చు. ఉత్తరం మీద పేరు నాదే ఉంటుంది, కానీ చదివేది గదిలో లేని ఇద్దరు ముగ్గురు. అది తెలిసి రాసిన ఉత్తరం వేరేగా ఉంటుంది.

ఆరు నెలల దగ్గరే ఈ ఉత్తరాలు ఎక్కువగా రావడానికీ కారణముంది. ప్రతి సెమిస్టర్‌లో స్కాలర్ సంఘం ముందు తన పని చెప్పుకోవాలి, అంటే మొదటి సెమిస్టర్ ముగిసేసరికి మొదటిసారి నిలబడే రోజు వస్తుంది. కోర్స్‌వర్క్ ఒకపక్క నడుస్తుంటుంది, మరోపక్క అంశానికి సంబంధించిన అసలు సామగ్రి మొదటిసారి చేతికి అందుతుంది. ప్రవేశం కోసం రాసిన రెండు పేజీల ప్రతిపాదన పుస్తకాలు చదివి రాసింది. కట్టలు విప్పాక అది నిలుస్తుందో లేదో అప్పుడే తెలుస్తుంది. ఆ తెలియడం ఆలస్యమైతే ఖర్చు పెరుగుతుంది. పీహెచ్‌డీకి కనీస గడువు మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్ మీద మరో రెండేళ్లు ఇవ్వవచ్చు, మహిళలకు అదనంగా ఇంకో రెండేళ్లు సడలింపు ఉంది. ఈ లెక్కంతా చేరిన రోజు నుంచే. అంశం మారిందని గడియారాన్ని ఎవరూ వెనక్కి తిప్పరు. ఫెలోషిప్ కూడా అంతే. జేఆర్‌ఎఫ్ మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, పని తృప్తికరమని తేలితే తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ కింద 42,000, మొత్తం ఐదేళ్లు. ఆరో నెలలో అంశం మార్చుకుంటే ఆ రెండేళ్ల సమీక్షనాటికి చూపించడానికి ఏడాదిన్నర పని మిగులుతుంది. రెండో ఏడు చివర మార్చుకుంటే చూపించడానికి ఏమీ ఉండదు. మూడో ఏట అంశం మార్పు అడిగినవాళ్లను చూశాను. ఆ బాధ వేరు.

అయితే ఆరో నెలలో ప్రతివాళ్లకీ తమ టాపిక్ పనికిరాదనిపిస్తుంది. చిక్కు అంశంలో ఉందా, మనలో ఉందా అన్నది ఎలా తెలుసుకోవాలి? ఆ వారం రోజుల్లో ఆమెకు నేను ఇచ్చిన పని ఒక్కటే. ఒక పెద్ద కాగితం తీసుకుని ఎడమవైపు అధ్యాయాలు, ఒక్కో అధ్యాయానికి ఎదురుగా అది నిలబడడానికి కావలసిన ఆధారాలు రాయమన్నాను. ఫలానా ఆర్కైవ్స్, ఫలానా సంపుటం, ఫలానా ఏడాది అని పేరు పెట్టి రాయాలి. "అప్పటి ప్రభుత్వ రికార్డులు" అని రాస్తే కొట్టేస్తాను. చదివినదాని కింద ఒక గీత, ఉందని తెలిసి ఇంకా చూడనిదాని కింద చుక్కలు, ఉంటుందేమో అని ఆశపడేదాని చుట్టూ సున్నా. పట్టికలో గీతలు, చుక్కలు ఎక్కువగా ఉండి కూడా పని సాగకపోతే అంశంలో లోపం లేదు. అలసట అయి ఉండొచ్చు, రాయడమంటే భయం అయి ఉండొచ్చు, ఇంటి సమస్య అయి ఉండొచ్చు. వాటికి మందు అంశం మార్పు కాదు. కొత్త అంశంలోనూ ఆరో నెలకు అదే గోడ ఎదురవుతుంది. అలా కాక అధ్యాయానికి అధ్యాయమే సున్నాలతో నిండితే ఆ అంశాన్ని వదలడమే న్యాయం. ఆమె పట్టికలో మూడు, నాలుగు, ఐదు అధ్యాయాలకు ఎదురుగా ఏడు సున్నాలున్నాయి. పెన్సిల్‌తో చుట్టి, కొన్నింటిని చెరిపి మళ్లీ చుట్టింది. చెరిపిన మరకలు చూస్తే వాటిని గీతలుగా మార్చాలని ఎంత ప్రయత్నించిందో అర్థమైంది.

అదే పట్టికను కొత్త అంశానికీ వేయించాను. ఇది చాలామంది చేయరు. పాత అంశంలో లోపాలు ఆరు నెలల అనుభవంతో కనిపిస్తాయి, కొత్తది దూరపు కొండలా నున్నగా ఉంటుంది. రెండింటినీ ఒకే కొలతతో కొలవాలంటే కొత్తదాని మీదా కనీసం రెండు మూడు వారాలు పని చేసి చూడాలి. ఆమె అచ్చయిన నివేదికలు ముందుగా చదవడం వల్ల లాభం అదే. అవి చదివినప్పుడే అంశంలో ప్రాణం కనిపించింది.

ఆ ప్రాణం ఏమిటో కొంచెం చెప్పాలి. 1876లో వానలు లేవు. మన వాళ్లు దాన్ని ధాత కరువు అన్నారు, అది ధాత నామ సంవత్సరం కాబట్టి. రాయలసీమ నలిగిపోయింది. మద్రాసు ప్రభుత్వం కరువు పనులు తెరిచింది. బకింగ్‌హామ్ కాలువలో మద్రాసు నగరం లోపల అడయారును కూవంతో కలిపే ముక్క ఆ కరువు పనిలో తవ్వించిందే. ఆనాటి గవర్నరు పేరే కాలువకు మిగిలింది. 1877 జనవరిలో భారత ప్రభుత్వం సర్ రిచర్డ్ టెంపుల్‌ను కరువు ప్రతినిధిగా దక్షిణాదికి పంపింది. ఖర్చు తగ్గించడం ఆయనకిచ్చిన పని. మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, దాని మీద ఒక అణా ఆయన ఖరారు చేసిన కూలి. ఆడవాళ్లకు, పిల్లలకు అంతకంటే కొంచెం తక్కువ. చరిత్రలో దానికి టెంపుల్ కూలి అని పేరే పడిపోయింది. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దీన్ని ఎదిరించాడు. ఎండలో రోజంతా మట్టి మోసే మనిషికి ఆ ధాన్యం చాలదని, కనీసం పౌనున్నర ధాన్యం, దానితో పప్పు, కూరలు ఉండాలని వాదించాడు. వాదన తెగక ముందే మనుషులు పోతున్నారు. కొద్ది నెలల్లో మద్రాసు ప్రభుత్వం కూలిని కొంత పెంచక తప్పలేదు.

మా స్కాలర్ చూపు పడింది ఆ "కొంచెం తక్కువ" అన్న మాట మీద. కార్నిష్, టెంపుల్ మగవాడి కడుపు గురించి పౌన్లతో తూచి వాదించుకున్నారు. ఆడమనిషికి ఎందుకు తగ్గించాలి అన్నదాని మీద అంత తూకం కనిపించదు. ఆమె తక్కువ మట్టి మోస్తుందనా, తక్కువ తింటుందనా, లేక ఊళ్లో ముందునుంచీ తక్కువే ఇస్తారనా? ఈ మూడూ మూడు వేరు కారణాలు. ఏ అధికారి ఏ కారణం చెప్పాడో, ఎవరు ఏ కారణమూ చెప్పకుండానే తగ్గించారో వెతికితే ఒక థీసిస్ అవుతుంది. ఇంకోటి కూడా ఉంది. కరువు పనిచోట్లు ఇంటికి దూరంగా ఉండాలన్న నియమం పెట్టారు, నిజంగా అవసరమైనవాళ్లే వస్తారని. చంటిబిడ్డ తల్లికి ఆ దూరం ఎంత ఖరీదు? కూలి పట్టికలో కనిపించని కోత అది. ఆనకట్ట కాగితాల్లో ఇలాంటి ప్రశ్న వేసే వీలే లేదు, ఎందుకంటే అక్కడ ఆడవాళ్లు విడిగా లెక్కలోకి రాలేదు. కరువులో వచ్చారు. సర్కారు పొదుపు చేయాలనుకుంది కాబట్టే మనిషి మనిషికీ ఎంత అని రాసిపెట్టింది.

నా దృష్టిలో ఉత్తరంలో అన్నిటికంటే బలమైన వాక్యం "నా ప్రశ్న మారలేదు" అన్నదే. ప్రశ్న కూడా మారితే అది అంశం మార్పు కాదు, కొత్త పీహెచ్‌డీ. అప్పుడు గైడ్ కూడా ఆలోచించుకోవాలి. నా పని నీటిపారుదల చరిత్ర, ప్రభుత్వ పనులు. కరువు పనుల్ని నేను చూడగలను. ఆమె రేపు దేవదాసీ వ్యవస్థ మీద చేస్తానంటే నేను నిజాయితీగా గైడ్ చేయలేను. సహ పర్యవేక్షకుణ్ని చూడాలి, లేదా గైడ్ మారాలి. ఒక్కో గైడ్ ఎంతమందిని తీసుకోవచ్చో కూడా పరిమితి ఉంది. ప్రొఫెసర్‌కు ఎనిమిది మంది, అసోసియేట్‌కు ఆరుగురు, అసిస్టెంట్‌కు నలుగురు. ఖాళీ ఉన్నవాళ్లు మన విషయం తెలిసినవాళ్లే అయి ఉండాలని లేదు. కాబట్టి కొత్త అంశం గైడ్ పరిధిలో ఉందో లేదో స్కాలర్ ఉత్తరంలోనే ఒక మాట అంటే మంచిది. చాలామంది మొహమాటపడి అనరు. తర్వాత రెండేళ్లు ఇద్దరూ ఇబ్బంది పడతారు.

పాత పనిలో ఏది మిగులుతుంది, ఏది పోతుంది అన్న పేరా కూడా నాకు నచ్చింది. రెండు నెలల పని పోతుందని దాచకుండా రాసింది. ఏమీ పోదని రాస్తే నమ్మేవాళ్లు కాదు. అంతా వృథా అని రాస్తే ఆరు నెలలు ఏం చేశావని అడిగేవాళ్లు.

ఈ రెండో ఉత్తరంలోనూ ఒక లోటు ఉంది. తను అనుకున్న అంశం మీద ఇప్పటికే ఎవరైనా పనిచేశారా అన్నది రాయలేదు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో మన విశ్వవిద్యాలయాల థీసిస్‌లు ఉంటాయి. జరుగుతున్న పరిశోధనల ప్రతిపాదనలకు శోధ్‌గంగోత్రి ఉంది. 1876–78 కరువు మీద రాసినవాళ్లు తక్కువేం కాదు. "కరువు" అని ఒక్క మాట కొట్టి చూసి ఆగిపోతే చాలదు, జిల్లా పేర్లతో, "కూలి", "సహాయ పనులు" అన్న మాటలతో ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ వెతకాలి. ఆమెతో వెతికించాను. కరువు మరణాల మీద, ధాన్యం వ్యాపారం మీద చేసినవి కనిపించాయి. ఆడవాళ్ల కూలి రేటు ప్రధాన విషయంగా తెలుగు జిల్లాల మీద చేసినది ఆమెకు కనబడలేదు. ఆ సంగతి ఒక పేరాగా ఉత్తరానికి చేర్చాం. ఎన్నిసార్లు, ఏ మాటలతో, ఏ తేదీన వెతికిందో కూడా రాయించాను. ఎవరైనా "ఇది అయిపోయిందమ్మా" అంటే జవాబు చేతిలో ఉండాలి కదా.

ఉత్తరం రాసే ముందు నాతో నోటిమాటగా మాట్లాడడమూ అవసరమే. కొందరు ముందుగా విభాగాధిపతికి ఇచ్చేస్తారు, కొందరు వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ పంపి ఊరుకుంటారు. గైడ్‌కు తెలియకుండా కాగితం పైకి వెళితే అది అంశం గురించి కాదు, ఇద్దరి మధ్య తగువు గురించి అన్నట్టుగా చదువుతారు. గైడ్ తోనే నిజంగా తగువుంటే అది వేరే ఉత్తరం, అందులో అంశం సంగతి కలపకూడదు.

సలహా సంఘం సమావేశం రోజున ఆమె ఎనిమిది నిమిషాలు మాట్లాడింది. రెండు పట్టికలు పక్కపక్కన గోడ మీద చూపించింది, సున్నాలతో సహా. ఒక సభ్యుడు, ఆర్థిక చరిత్ర బాగా తెలిసినాయన, కొత్త శీర్షిక చదివి కళ్లజోడు తీశారు. "కర్నూలు ఆడకూలీల కూలి అని పెట్టావు. టెంపుల్ చెప్పినంత ఆమె చేతికి నిజంగా అందిందని నువ్వు చెప్పగలవా? మేస్త్రీ ఎంత పట్టుకున్నాడో, పని తక్కువైందని ఎంత కోశారో తెలుసా?" అన్నారు.

ఆమె కాసేపు ఆలోచించింది. "అన్నిచోట్లా చెప్పలేను సర్. అధికారుల ఫిర్యాదుల్లో కొన్నిచోట్ల దొరుకుతుందనుకుంటున్నాను. దొరికినచోట చెబుతాను, లేనిచోట లేదని రాస్తాను" అంది.

"అయితే శీర్షికలో ఆ తేడా కనబడనీ" అన్నారాయన. ఫారం మీద "కూలి" అన్న మాట పక్కన ఆమె అక్కడికక్కడే "రేట్లు" అని చేర్చింది. నేను సంతకం పెట్టాను. వచ్చే సోమవారం నుంచి ఎగ్మూర్‌లో మళ్లీ పది రోజులు కూర్చోవాలని, ఈసారి 1877 ప్రొసీడింగ్స్ సూచికతో మొదలుపెడతానని బయటికి నడుస్తూ చెప్పింది.